మరణించిన వారి క్లౌడ్ ఫొటో ఖాతా ఏమవుతుంది, కుటుంబానికి అది అందేలా ముందే ఏం చేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఫొటోలు తీసేవారి ఫోన్ సాధారణంగా గూగుల్ ఫొటోస్‌కో, ఆపిల్ ఐక్లౌడ్‌కో అనుసంధానమై ఉంటుంది. ఈ పేజీలో ప్రధానంగా గూగుల్ ఫొటోస్ గురించి వివరించి, ఆపిల్ పద్ధతి ఎక్కడ వేరవుతుందో ఆ తర్వాత చెప్పాం.

ఖాతాదారు మరణించిన వెంటనే ఫొటోలకు ఏమవుతుంది?

వెంటనే ఏమీ జరగదు. ఎవరైనా తెలియజేసేవరకు ఆ మరణం కంపెనీకి తెలిసే మార్గం లేదు కాబట్టి, ఖాతా యథాతథంగా కొనసాగుతుంది. ఫొటోలన్నీ ఉన్నచోటే ఉంటాయి, పంచుకున్న ఆల్బమ్‌లు మిగతావారికి కనిపిస్తూనే ఉంటాయి. అయితే ఆ రోజు నుంచి రెండు గడువులు ఎవరికీ కనిపించకుండా మొదలయ్యే అవకాశం ఉంది. ఒకటి, ఖాతాను ఎవరూ వాడకపోవడం వల్ల లెక్కకు వచ్చే గడువు. రెండోది, అదనపు స్టోరేజ్ కోసం కట్టే చందా ఆగిపోవడం వల్ల లెక్కకు వచ్చే గడువు. కుటుంబాలు ఫొటోలను పోగొట్టుకునేది ఎక్కువగా ఈ రెండింటి వల్లనే.

వాడకుండా ఉన్న ఖాతాను గూగుల్ ఎప్పుడు తొలగిస్తుంది?

వ్యక్తిగత ఖాతాను రెండు సంవత్సరాల పాటు ఏ రూపంలోనూ వాడకపోతే, ఆ ఖాతాను, అందులోని ఫొటోలతో సహా, తొలగించే హక్కు తమకు ఉందని గూగుల్ 2023 మే నెలలో ప్రకటించింది. ఈ విధానం కింద తొలగింపులు ఆ ఏడాది డిసెంబరు కంటే ముందు మొదలు కావని కూడా అప్పుడే చెప్పింది. తొలగించే ముందు ఖాతా సొంత మెయిల్‌కు, రికవరీ మెయిల్ ఇచ్చి ఉంటే దానికి కూడా, కొన్ని నెలల వ్యవధిలో పలుమార్లు హెచ్చరికలు పంపుతుంది. మరణించిన వారి సొంత మెయిల్‌ను చదివేవారు ఉండరు. అందువల్ల రికవరీ మెయిల్‌గా కుటుంబంలో మరొకరి చిరునామా ఇచ్చి ఉంచితే, కనీసం ఆ హెచ్చరికైనా బతికున్న మనిషికి చేరుతుంది.

కుటుంబానికి ఫొటోలు అందేలా గూగుల్‌లో ముందే చేసుకోగల ఏర్పాటు ఏమిటి?

ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అనే సదుపాయం 2013 నుంచి ఉంది. ఖాతాదారు తానే లాగిన్ అయి, కింది చిరునామాలో దాన్ని అమర్చుకోవాలి.

```
myaccount.google.com/inactive
```

అక్కడ ముందుగా ఎంతకాలం వాడకపోతే ఖాతా నిద్రాణమైనట్టు భావించాలో ఎంచుకోవాలి. 3, 6, 12, 18 నెలల గడువులు అందుబాటులో ఉంటాయి. ఆ గడువు ముగియడానికి ముందు హెచ్చరిక పంపడం కోసం ఖాతాదారు మొబైల్ నంబరు, మెయిల్ చిరునామా ఇవ్వాలి. తర్వాత గరిష్ఠంగా పది మంది నమ్మకస్తుల మెయిల్ చిరునామాలను చేర్చి, ఒక్కొక్కరికి ఏ సమాచారం ఇవ్వాలో విడివిడిగా గుర్తు పెట్టవచ్చు. కూతురికి ఫొటోలు మాత్రమే ఇచ్చి, మెయిల్, డ్రైవ్ ఇవ్వకుండా ఉంచడం ఇక్కడ సాధ్యమే. చాలామంది ఈ ఏర్పాటుకు వెనకాడేది తమ ఉత్తరాలన్నీ ఎవరో చదువుతారన్న సంకోచంతోనే కాబట్టి, ఈ విభజన గురించి ముందే తెలుసుకోవడం మంచిది. చివరగా, అంతా పంచిన తర్వాత ఖాతాను పూర్తిగా తొలగించాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. ఫొటోల విషయంలో దాన్ని ఆఫ్‌లో ఉంచడమే మేలని మా అభిప్రాయం. డౌన్‌లోడ్ ఎక్కడైనా సగంలో ఆగిపోతే, తిరిగి ప్రయత్నించడానికి అసలు కాపీ మిగిలి ఉండాలి.

రెండు విషయాలను తెరపై సులభంగా దాటేస్తారు. మొదటిది, సమాచారం పంచుకోదలచిన ప్రతి నమ్మకస్తుడికీ ఫోన్ నంబరు ఇవ్వాలి. డౌన్‌లోడ్ చేసేది నిజంగా ఆ మనిషేనని నిర్ధారించే కోడ్ ఆ నంబరుకే వెళ్తుంది. ఆయన తర్వాత నంబరు మార్చుకున్నా, ఇక్కడ పాతదే ఉంటే తలుపు దాకా వచ్చి ఆగిపోతారు. రెండోది, మిమ్మల్ని ఇలా చేర్చారని గూగుల్ వారికి ముందుగా ఏమీ తెలియజేయదు. వారికి వచ్చే మొదటి మెయిల్, ఖాతా నిద్రాణమైన తర్వాతే వస్తుంది. మరణించిన మనిషి పేరుతో వచ్చి, లింక్ నొక్కమని చెప్పే మెయిల్‌ను జాగ్రత్తగల ఎవరైనా మోసపూరితమని తీసేస్తారు. కాబట్టి పేరు చేర్చిన రోజే ఆ మాట వారికి నోటితో చెప్పి ఉంచాలి.

మరణం సంభవించిందని ఈ సదుపాయానికి ఎలా తెలుస్తుంది?

తెలియదు. ఇది కొలిచేది నిశ్శబ్దాన్ని మాత్రమే. చివరిసారి లాగిన్ అయినది, ఖాతాలో నమోదైన ఇటీవలి కార్యకలాపం, జీమెయిల్ వాడకం, ఆండ్రాయిడ్ ఫోన్ తనంతట తానుగా గూగుల్ సర్వర్‌ను పలకరించడం, ఇవన్నీ ఖాతా సజీవంగా ఉందనడానికి గుర్తులుగా లెక్కలోకి వస్తాయి.

ఆఖరి అంశాన్ని ప్రత్యేకంగా గమనించాలి. పోయినవారి ఫోన్‌ను ఇంట్లో చార్జింగ్‌లో పెట్టి, వైఫైకి కలిపి ఉంచితే, ఎవరూ దాన్ని ముట్టకపోయినా అది ఖాతాను వాడుకలో ఉన్నట్టే చూపించవచ్చు. అప్పుడు నెలలు గడిచినా నమ్మకస్తులకు మెయిల్ రాదు. ఏర్పాటు పనిచేయలేదని కుటుంబం అనుకుంటుంది గానీ, నిజానికి గడువు లెక్క ఇంకా మొదలే కాలేదు.

ఒక ఉదాహరణతో ఈ గడువులు ఎలా నడుస్తాయో చెప్పగలరా?

ఒక తల్లి తన ఖాతాలో 6 నెలల గడువు పెట్టి, కొడుకును, కూతురిని నమ్మకస్తులుగా చేర్చి, ఇద్దరికీ ఫొటోలు మాత్రమే కేటాయించారనుకుందాం. ఆమె ఖాతాలో 62 జీబీ ఫొటోలు, వీడియోలు ఉన్నాయి. 100 జీబీ చందా ఆమె కార్డు నుంచి నెలనెలా వెళ్తోంది. ఆమె మార్చి 10న మరణించారు. బ్యాంకు కార్డును నిలిపివేయడంతో చందా కొద్ది వారాల్లో ఆగిపోయింది. బంధువుల నంబర్ల కోసం ఫోన్‌ను ఏప్రిల్ 25 వరకు ఆన్‌లోనే ఉంచి, ఆ తర్వాత ఆఫ్ చేశారు.

ఆరు నెలల లెక్క మార్చి 10 నుంచి కాక, ఫోన్ ఆగిన ఏప్రిల్ 25 నుంచి నడుస్తుంది. అంటే అది అక్టోబరు 25 ప్రాంతంలో ముగుస్తుంది. దానికి సుమారు నెల ముందు, సెప్టెంబరు చివరిలో, ఆమె నంబరుకు, ఆమె మెయిల్‌కు హెచ్చరిక వెళ్తుంది. ఈలోగా కొడుకు ఏదో చూడడానికి ఆ ఫోన్‌ను మళ్లీ ఆన్ చేసి నెట్‌కు కలిపితే, లెక్క మొదటికి వచ్చే ప్రమాదం ఉంది. అక్టోబరు చివరిలో పిల్లలిద్దరికీ డౌన్‌లోడ్ లింక్‌తో మెయిల్ వస్తుంది. అప్పటి నుంచి మూడు నెలలు, అంటే జనవరి చివరి వరకు, వారు ఫొటోలను దింపుకోవచ్చు. ఖాతాను ఆ తర్వాత తొలగించమని తల్లి ముందే ఎంచుకుని ఉంటే, జనవరి తర్వాత ఇక ఏమీ మిగలదు.

ఆమె 6 నెలలకు బదులు 18 నెలలు ఎంచుకుని ఉంటే, పిల్లలకు ఫొటోలు అందేసరికి ఏడాదిన్నర దాటిపోయేది. తరచుగా ఆన్‌లైన్‌లో ఉండే వ్యక్తికి 3 నెలలైనా సరిపోతుంది. దీర్ఘకాలం ఆసుపత్రిలోనో, నెట్ లేని చోటనో ఉండే అవకాశం ఉన్నవారు 6 నెలలు పెట్టుకోవడం నయం. గడువు ముగియకముందే హెచ్చరిక వస్తుంది కాబట్టి, బతికున్నవారు దాన్ని చూసి లాగిన్ అయితే ఏమీ బయటికి వెళ్లదు.

చందా ఆగిపోతే ఫొటోలు వెంటనే పోతాయా?

వెంటనే పోవు. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడూ దాన్నే పంచుకుంటాయి. పై ఉదాహరణలో చందా పోగానే 62 జీబీ నిండిన ఖాతా హద్దు దాటినట్టవుతుంది. కొత్త ఫొటోలు ఎక్కవు, ఆ చిరునామాకు మెయిల్ రావడం ఆగిపోతుంది. ఈ రెండో ఇబ్బంది గురించి ఎవరూ ముందుగా ఆలోచించరు. బీమా, బ్యాంకు ఉత్తరాలు ఆ మెయిల్‌కే వస్తున్నట్టయితే, కుటుంబానికి అత్యవసరమైన రోజుల్లోనే అవి వెనక్కి తిరిగిపోతాయి. హద్దు దాటిన స్థితి రెండు సంవత్సరాలు కొనసాగితే, అప్పుడు నిల్వ ఉన్నదంతా తొలగించే అధికారం గూగుల్‌కు ఉంటుంది.

గూగుల్ వన్ కుటుంబ చందాలో మరణించినవారే నిర్వాహకులైతే పరిస్థితి వేరు. చందా ఆగగానే ఆ గుంపులోని మిగతావారందరూ ఎవరి 15 జీబీకి వారు పరిమితమవుతారు. తమ సొంత ఖాతాలో మెయిల్ ఎందుకు ఆగిందో వారికి మొదట అంతుపట్టదు. అటువంటి ఇంట్లో కార్డు నిలిపివేసేముందే మరొకరు సొంతంగా చందా తీసుకోవడం మంచిది.

లింక్ మెయిల్ వచ్చాక డౌన్‌లోడ్ ఎలా చేయాలి, ఎక్కడ తేడా వస్తుంది?

మొబైల్‌లో చేయవద్దు. తగినంత ఖాళీ ఉన్న కంప్యూటర్‌లోనో, బయటి హార్డ్ డిస్క్‌లోనో దించుకోవాలి. జిప్ ఫైళ్లను విప్పడానికి మళ్లీ అంతే స్థలం కావాలి కాబట్టి, 62 జీబీ ఫొటోలకు 130 జీబీ ఖాళీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఫైళ్లు భాగాలుగా వచ్చినప్పుడు అన్ని భాగాలూ వచ్చాయో లేదో సంఖ్య ప్రకారం సరిచూసుకుని, ఒక్కో జిప్ చివరి వరకు తెరుచుకుంటుందని నిర్ధారించుకోవాలి. పాడైన జిప్‌ను మూడు నెలల గడువు తర్వాత కనుగొంటే చేయగలిగింది ఉండదు.

విప్పిన ఫోల్డర్లలో ప్రతి ఫొటో పక్కన అదే పేరుతో మొదలయ్యే చిన్న జేసన్ ఫైలు కనిపిస్తుంది. వాటిని చెత్త అనుకుని తీసేసేవారు చాలామంది. ఖాతాదారు గూగుల్ ఫొటోస్‌లో స్వయంగా సరిదిద్దిన తేదీ, రాసుకున్న వివరణ, జోడించిన స్థలం అందులోనే ఉంటాయి. కెమెరాలో తీసిన ఫొటోకు అసలు తేదీ ఫొటోలోనే ఉంటుంది. కానీ స్కాన్ చేసిన పాత ఫొటోకు సరైన తేదీ ఉండేది జేసన్‌లో మాత్రమే. తెరిచి చూస్తే ఇలా ఉంటుంది.

```
"photoTakenTime": {
  "timestamp": "315532800"
}
```

ఇక్కడ కనిపించే సంఖ్య 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లు. ఈ ఉదాహరణలోనిది 1980 జనవరి 1. ఆ ఫైలు లేకుంటే, తాతగారి పెళ్లి ఫొటో, దాన్ని స్కాన్ చేసిన తేదీతోనో, డౌన్‌లోడ్ చేసిన తేదీతోనో కనిపిస్తుంది. ఈ తేదీలను తిరిగి ఫొటోల్లోకి ఎక్కించే ప్రోగ్రాములు ఉన్నాయి గనుక, ఆ పని తర్వాతైనా చేసుకోవచ్చు. ముందు మాత్రం రెండు రకాల ఫైళ్లనూ కలిపే భద్రపరచాలి. ఆల్బమ్‌లో పెట్టిన ఫొటో ఏడాది ఫోల్డర్‌లోనూ ఆల్బమ్ ఫోల్డర్‌లోనూ రెండుసార్లు రావచ్చు. ఒకేలా ఉన్నాయని తొందరపడి ఏరివేస్తే, ఆల్బమ్ క్రమం పోతుంది.

పోయినవారి ఫోన్‌ను ఏం చేయాలి?

రీసెట్ చేయవద్దు, అమ్మవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఫొటోస్ సాధారణంగా కెమెరా ఫోల్డర్‌ను మాత్రమే బ్యాకప్ చేస్తుంది. వాట్సాప్‌లో వచ్చినవి, స్క్రీన్‌షాట్లు, ఇతర ఫోల్డర్లలోనివి విడిగా ఆన్ చేసి ఉంటే తప్ప క్లౌడ్‌కు వెళ్లవు. ఫోన్ తాళం తెలిసి ఉంటే, దాన్ని ముందుగా నెట్ నుంచి తప్పించి, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి ఆ ఫోల్డర్లను కాపీ చేసుకోవాలి.

ఫోన్‌లో స్థలం కోసం ఫొటోలు తొలగించడం అన్నింటికంటే ప్రమాదకరం. గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఒక ఫొటోను తొలగిస్తే, అది క్లౌడ్‌లో కూడా బిన్‌లోకి వెళ్తుంది. బ్యాకప్ అయిన ఫొటో 60 రోజుల తర్వాత శాశ్వతంగా పోతుంది.

సిమ్‌ను కూడా తొందరపడి రద్దు చేయవద్దు. ఆ నంబరుకు రెండంచెల లాగిన్ కోడ్‌లు, గడువు హెచ్చరికలు వస్తుంటాయి. రద్దైన నంబరు కొంతకాలానికి మరొకరికి కేటాయించబడితే, అవి అపరిచితుడికి చేరతాయి.

పాస్‌వర్డ్ మాకు తెలుసు. దానితో లాగిన్ అయితే సరిపోదా?

సాంకేతికంగా చాలాసార్లు తెరుచుకుంటుంది. కానీ కొత్త పరికరం నుంచి లాగిన్ అయితే అనుమానంతో అదనపు కోడ్ అడగవచ్చు, ఆ కోడ్ పోయినవారి ఫోన్‌కే వెళ్తుంది. తప్పు ప్రయత్నాలు ఎక్కువైతే ఖాతా కొంతకాలం మూసుకుపోతుంది. పైగా ఖాతాను మరొకరు వాడడం సేవా నిబంధనలకు విరుద్ధం కావచ్చు. వారసుల మధ్య వివాదం ఉన్నచోట, ఎవరు ఎప్పుడు లోపలికి వెళ్లారన్నది ప్రశ్నగా మారుతుంది. అన్నిటికీ మించి, మీ ప్రతి లాగిన్ నిద్రాణ గడువును వెనక్కి నెడుతుంది. ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ అమర్చి ఉన్నట్టు తెలిస్తే, దాన్ని దాని దారిన పోనివ్వడమే ఉత్తమం.

ఏ ఏర్పాటూ చేయకుండా మరణిస్తే?

మరణించిన వారి ఖాతా గురించి అభ్యర్థించడానికి గూగుల్ సహాయ పేజీల్లో ఒక ఫారం ఉంది. దగ్గరి బంధువులు లేదా చట్టబద్ధ ప్రతినిధి ఖాతాను మూసివేయమని, లేదా అందులోని సమాచారం ఇవ్వమని కోరవచ్చు. పాస్‌వర్డ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వరు. మరణ ధ్రువపత్రం, అడుగుతున్నవారి గుర్తింపు పత్రం అవసరమవుతాయి. సమాచారం ఇవ్వడానికి కోర్టు ఉత్తర్వు కోరే అవకాశమూ ఉంది. ఇక్కడ ఒక హెచ్చరిక. దుఃఖంలో ఉన్నప్పుడు ముందుగా ఖాతా మూసివేయమని అడిగితే, దానితో పాటు ఫొటోలూ పోతాయి. మూసివేత అభ్యర్థన ఎప్పుడూ ఆఖరి మెట్టుగానే ఉండాలి.

ఆపిల్ ఐక్లౌడ్‌లో ఈ పద్ధతి ఎలా ఉంటుంది?

ఆపిల్ నిశ్శబ్దాన్ని కాక పత్రాన్ని నమ్ముతుంది. లెగసీ కాంటాక్ట్ అనే సదుపాయం 2021 డిసెంబరులో ఐఓఎస్ 15.2తో వచ్చింది. సెట్టింగ్స్‌లో తన పేరు నొక్కి, లాగిన్, భద్రతకు సంబంధించిన భాగంలో లెగసీ కాంటాక్ట్‌ను చేర్చవచ్చు. గరిష్ఠంగా ఐదుగురిని చేర్చవచ్చు. చేర్చినప్పుడు క్యూఆర్ కోడ్ రూపంలో ఒక యాక్సెస్ కీ తయారవుతుంది. మరణం తర్వాత ఆ కీని, మరణ ధ్రువపత్రాన్ని digital-legacy.apple.com ద్వారా సమర్పిస్తే, ఆపిల్ పరిశీలించి ఖాతాలోని ఫొటోలు, నోట్స్, ఐక్లౌడ్ బ్యాకప్‌ల వంటివి చూసేందుకు అనుమతిస్తుంది. పాస్‌వర్డ్‌లు దాచుకున్న కీచైన్, చెల్లింపుల వివరాలు, కొన్న సినిమాలు, పాటలు అందులో ఉండవు.

అనుమతి మొదటిసారి లభించిన రోజు నుంచి మూడు సంవత్సరాలు మాత్రమే ఈ ప్రవేశం ఉంటుంది. తర్వాత ఖాతా శాశ్వతంగా తొలగిపోతుంది. గూగుల్ ఇచ్చే మూడు నెలలతో పోలిస్తే ఇది ఉదారమే. ఈ పద్ధతికి ఉన్న బలహీనత అంతా ఆ కీలోనే ఉంది. ధ్రువపత్రం ఉండి కీ లేకపోతే ఈ దారి తెరుచుకోదు, కోర్టు ఉత్తర్వు వంటి పొడవైన దారి పట్టాల్సి వస్తుంది. కీని కాగితంపై ముద్రించి, మిగతా ముఖ్యపత్రాలతో పాటు ఉంచితే చాలు. ఖాతాదారు సొంత ఫోన్‌లోనే దాచుకుంటే, ఆ ఫోన్ తెరవలేని కుటుంబానికి అది ఉన్నా లేనట్టే.

వీలునామాలో రాస్తే సరిపోతుందా?

అన్నిచోట్లా సరిపోదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా చట్టం ప్రకారం, సంస్థ ఇచ్చిన ఆన్‌లైన్ సాధనంలో ఖాతాదారు చేసిన ఎంపికకు వీలునామా కంటే ప్రాధాన్యం ఉంటుంది. జర్మనీలో అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 జూలైలో, మరణించిన బాలిక సోషల్ మీడియా ఖాతా ఆమె తల్లిదండ్రులకు వారసత్వంగా చెందుతుందని తీర్పు చెప్పింది. చట్టం ఇంత భిన్నంగా ఉన్నందున, వీలునామాలో ఏ ఖాతా ఉందో, సంబంధిత సాధనంలో ఎవరిని పేర్కొన్నారో రాయడం మంచిదే. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకూడదు. వీలునామా చాలామంది చేతులు మారే పత్రం, పాస్‌వర్డ్ ఏ నెలలోనైనా మారిపోయేది.

పంచుకున్న ఆల్బమ్ ఉంది కదా, మరో ఏర్పాటు ఎందుకు?

పంచుకున్న ఆల్బమ్ అసలు ఖాతా ఉన్నంతవరకే నిలుస్తుంది. ఖాతా తొలగిపోతే, ఆ ఖాతాదారు చేర్చిన ఫొటోలు మీకు కనిపించవు. నిలిచేది మీరు మీ లైబ్రరీలోకి సేవ్ చేసుకున్న కాపీ మాత్రమే.

గూగుల్ ఫొటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్‌ను ఈ అవసరానికి వాడుకోవచ్చు. ఖాతాదారు తన ఫొటోలన్నింటినీ, లేదా ఎంచుకున్న మనుషుల ఫొటోలను, లేదా ఒక తేదీ నుంచి మొదలైనవాటిని భాగస్వామికి పంచుతారు. అటువైపు వారు వాటిని తమ లైబ్రరీలో ఆటోమేటిక్‌గా సేవ్ అయ్యేలా పెట్టుకుంటే, ప్రతి కొత్త ఫొటోకు రెండో ఖాతాలో కాపీ తయారవుతుంది. ఆ సేవ్ ఆప్షన్‌ను ఆన్ చేయకుండా చూడడంతోనే ఆగిపోయేవారు ఎక్కువ. ఆన్ చేశారో లేదో పరీక్షించడానికి, ఖాతాదారు ఈరోజు ఒక ఫొటో తీసి, అది భాగస్వామి లైబ్రరీలో, పంచుకున్న విభాగంలో కాక ప్రధాన ఫొటోల వరుసలో కనిపిస్తోందో లేదో చూడాలి. రెండో ఖాతాలో స్థలం నిండితే కాపీలు ఆగిపోతాయని కూడా గుర్తుంచుకోవాలి. పై గడువులేవీ అవసరం లేకుండా పనిచేసే మార్గం ఇది. అందుకే ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ కంటే ముందు దీన్నే అమర్చమని చెబుతాం.

ఒకసారి అమర్చాక మళ్లీ ఎప్పుడు సరిచూడాలి?

నమ్మకస్తుల్లో ఎవరైనా ఫోన్ నంబరు లేదా మెయిల్ చిరునామా మార్చినప్పుడు, విడాకులు లేదా మరణం వంటి మార్పు కుటుంబంలో జరిగినప్పుడు, ఖాతాదారు సొంత నంబరు మారినప్పుడు తప్పనిసరిగా చూడాలి. వీటిలో ఏదీ జరగకపోయినా, ఏడాదికి ఒకసారి takeout.google.com నుంచి ఫొటోలను దించి హార్డ్ డిస్క్‌లో పెట్టుకునే అలవాటు ఉన్నవారు, ఆ రోజే ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ పేజీని కూడా తెరిచి పేర్లు, నంబర్లు ఒకసారి చూసుకోవచ్చు. టేక్‌అవుట్‌లో ఎగుమతి చేసేటప్పుడు ఒక్కో భాగం పరిమాణాన్ని 50 జీబీ వరకు పెంచుకోవచ్చు, కాబట్టి 62 జీబీ లైబ్రరీ రెండు ఫైళ్లుగా వస్తుంది. డౌన్‌లోడ్ లింక్ సుమారు వారంలో గడువు తీరుతుంది, మెయిల్ రాగానే దించుకోవాలి.